మనవడి ప్లేస్టేషన్‌కు కోడ్ కొంటే: ఆ పన్నెండు అక్షరాలు ఎక్కడ చెల్లుతాయి, ఎక్కడ చెల్లవు

తెనాలి నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. కొండాపూర్‌లో ఉండే మనవడికి పన్నెండో పుట్టినరోజు. వాడికి ఏం కావాలని అడిగితే "ప్లేస్టేషన్ గిఫ్ట్ కార్డు" అన్నాడట. ప్లేస్టేషన్ అంటే టీవీకి తగిలించి వీడియో ఆటలు ఆడుకునే మిషన్. ఆవిడ ఎవరినీ సాయం అడగకుండా, తన ఫోన్‌లోనే ఒక ఆన్‌లైన్ దుకాణంలో నాలుగు వేల రూపాయల కోడ్ కొని, దాన్ని కాగితం మీద రాసుకుని, వీడియో కాల్‌లో చదివి వినిపించింది. అవతల వాళ్లు కొట్టారు. ఎక్కలేదు. మళ్లీ కొట్టారు. ఎక్కలేదు.

"ఏరా, నాలుగు వేలు పోయినట్టేనా?" అని అడిగింది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

పోలేదు. ఆవిడ కొన్నది అసలైన కోడే, చదివిందీ సరిగ్గానే. తేడా ఎక్కడ వచ్చిందో చెప్పాలంటే ముందు ఈ కోడ్ అంటే ఏమిటో చూడాలి. కోడ్ ఒక దేశానిది, అకౌంట్ ఇంకో దేశానిది కావడం వల్ల వచ్చిన తేడా అది. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఈ కోడ్ కొనేటప్పుడు ఎదురయ్యే ఇబ్బందుల్లో పెద్దది ఇదే. దీని గురించి కోడ్ అమ్మే పేజీలో ఒక చిన్న లైను మాత్రం ఉంటుంది.

## పాత రీఛార్జ్ కూపన్‌కు చుట్టం

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో కిళ్లీ కొట్లో రీఛార్జ్ కూపన్ కొని, రూపాయి బిళ్లతో గీకి, కింద బయటపడ్డ అంకెలు ఫోన్‌లో కొట్టేవాళ్లం. గేమ్ కోడ్ కూడా అలాంటిదే. డబ్బు ముందే కట్టేస్తాం. దానికి బదులుగా ఒక రహస్య సంఖ్య ఇస్తారు. దాన్ని ఒక అకౌంట్‌లో కొట్టగానే అంత మొత్తం ఆ అకౌంట్‌లో జమ అవుతుంది, సంఖ్య పని అక్కడితో అయిపోతుంది. రెండోసారి చెల్లదు.

ప్లేస్టేషన్ కోడ్‌లో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు కలిపి పన్నెండు ఉంటాయి. నాలుగేసి చొప్పున మూడు ముక్కలుగా, మధ్యలో చిన్న గీతలతో రాస్తారు. జమ అయిన డబ్బును ప్లేస్టేషన్ వాళ్లు వాలెట్ అంటారు. ఆ వాలెట్‌తో వాళ్ల సొంత దుకాణమైన ప్లేస్టేషన్ స్టోర్‌లో మాత్రమే కొనగలం. వేరే చోట ఖర్చుపెట్టలేం, తిరిగి బ్యాంకులోకి తెచ్చుకోలేం, ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కు పంపలేం.

ఇలా ఒకే సంస్థ దగ్గర చెల్లే ముందస్తు చెల్లింపులను రిజర్వ్ బ్యాంకు "క్లోజ్డ్ సిస్టమ్" అంటుంది. వీటిని జారీ చేయడానికి దాని అనుమతి అక్కర్లేదు. కొనేవాళ్లు ఇందులో గమనించాల్సింది ఒకటుంది. కోడ్ చేతులు మారాక బ్యాంకుకు ఫోన్ చేసి "ఆపేయండి" అంటే ఆగదు. కోడ్ అంటే నగదే, ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే.

పెద్దమ్మకు ఇంకో అనుమానం కూడా వచ్చింది. "ఈ ఆన్‌లైన్ డబ్బు ఆటలు నిషేధించారుగా, ఇది తప్పు కాదా?" అంది. నిషేధం నిజమే. డబ్బు పందెం కాసే ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. అవన్నీ డబ్బు పెట్టి, గెలిస్తే డబ్బు వస్తుందని ఆశ చూపే రమ్మీ లాంటి ఆటల గురించి. ఇక్కడ మనం చేసేది ఒక ఆటను వస్తువులా కొనుక్కోవడం, అంతే. తిరిగి గెలుచుకునే డబ్బంటూ ఏదీ ఉండదు.

## "ప్లేస్టేషన్ కోడ్" అనే మాట వెనక మూడు వేర్వేరు సరుకులు

పిల్లలు "కోడ్" అని ఒకే మాట అంటారు కానీ దాంతో మూడు రకాలు వస్తాయి. మొదటిది పైన చెప్పిన వాలెట్ కోడ్. దాని మీద వెయ్యి, రెండు వేలు, నాలుగు వేలు అని మొత్తం రాసి ఉంటుంది. రెండోది ఒక ఫలానా ఆటకో, ఆ ఆటలో వాడే నాణేలకో మాత్రమే చెల్లే కోడ్. దాన్ని కొట్టగానే డబ్బు జమ కాదు, ఆ సరుకే అకౌంట్‌లోకి వస్తుంది. మూడోది చందా. దాన్ని PlayStation Plus అంటారు, చాలా ఆటలను ఇంటర్నెట్‌లో తోటివాళ్లతో కలిసి ఆడాలంటే అది కావాలి.

ఏది కొనాలో తేలకపోతే వాలెట్ కోడే నయమని నా అభిప్రాయం. ఆట కోడ్ తెచ్చాక "ఇది నా దగ్గర ఉందిగా అమ్మమ్మా" అన్నాడనుకోండి, ఆ కోడ్‌తో ఇక చేసేదేం ఉండదు. వాలెట్‌లో డబ్బు ఉంటే వాడికి నచ్చింది వాడే కొనుక్కుంటాడు. ఒక్క విషయం మాత్రం చూసుకోవాలి. ఆ అకౌంట్‌లో చందా దానంతటదే పునరుద్ధరణ అయ్యేలా పెట్టి ఉంటే, మనం వేసిన డబ్బులోంచి ముందు ఆ చందా కోసుకుపోవచ్చు. పుట్టినరోజు డబ్బు ఏమైందని ఇంట్లో వెతుక్కునే సందర్భాల్లో ఇదొకటి.

## మనిషి ఎక్కడున్నాడని కాదు, అకౌంట్ ఏ దేశానిదని

మళ్లీ పాత కూపన్ దగ్గరికే వస్తాను. అప్పట్లో కూపన్లకు సర్కిల్ ఉండేది. ఆంధ్రప్రదేశ్ సర్కిల్ కూపన్ ఆంధ్రప్రదేశ్ నంబర్‌కే. మీరు చెన్నైలో నిలబడి ఉన్నా మీ నంబర్ ఇక్కడిదైతే ఇక్కడి కూపనే కావాలి. ఫోన్ ఎక్కడుందన్నది కాదు, నంబర్ ఎక్కడిదన్నది లెక్క.

ప్లేస్టేషన్‌లో సర్కిల్ స్థానంలో దేశం ఉంటుంది. అకౌంట్ మొదటిసారి తెరిచేటప్పుడు దేశం అడుగుతుంది. అక్కడ ఏది ఎంచుకుంటే ఆ అకౌంట్ ఆ దేశానిదే, ఆ తర్వాత మార్చుకోవడం కుదరదు. ఇండియా కోడ్ ఇండియా అకౌంట్‌లోనే ఎక్కుతుంది, అమెరికా కోడ్ అమెరికా అకౌంట్‌లోనే. టీవీ కింద పెట్టిన మిషన్ ఎక్కడ కొన్నారు, మనవడు ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడు అన్నవి లెక్కలోకి రావు.

ఇది తెలుగిళ్లలో ఎక్కువగా ఎందుకు తగులుతుందో ఊహించడం కష్టం కాదు. డాలస్‌లో ఏడెనిమిదేళ్లు ఉండి హైదరాబాద్ తిరిగొచ్చిన కుటుంబం అక్కడ తెరిచిన అకౌంట్‌నే ఇక్కడా వాడుతుంటుంది. కొన్న ఆటలన్నీ అందులోనే ఉన్నాయి మరి. ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాళ్లలోనూ కొందరు, అక్కడి స్టోర్‌లో సరుకు ఎక్కువ దొరుకుతుందని, అకౌంట్ తెరిచేటప్పుడే అమెరికా అని పెట్టుకుంటారు. ఇంకోవైపు న్యూజెర్సీలో ఉన్న మనవరాలికి విజయవాడ నుంచి రూపాయల కోడ్ కొని వాట్సాప్‌లో పంపేవాళ్లున్నారు. అదీ ఎక్కదు.

అకౌంట్ ఏ దేశానిదో కనిపెట్టడానికి సెట్టింగులన్నీ తిరగక్కర్లేదు. మనవడిని ప్లేస్టేషన్ స్టోర్ తెరిచి ఏదో ఒక ఆట ధర చదవమనండి. "రెండు వేల తొమ్మిది వందలు" అని రూపాయల్లో చదివితే ఇండియా అకౌంట్, "ఫిఫ్టీ డాలర్స్" అంటే అమెరికా అకౌంట్ అనుకోవచ్చు. కొనేముందు ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు. పెద్దమ్మ అడగలేదు, ఎందుకంటే అలా అడగాలని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

అమెరికా అకౌంట్‌కు డాలర్ కోడ్ కొనేవాళ్లకు ఇంకో చిన్న లెక్క ఉంది. మన స్టోర్‌లో కనిపించే ధరలో పన్ను కలిసే ఉంటుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో పన్ను చివర్లో, డబ్బు కట్టేటప్పుడు కలుస్తుంది. యాభై డాలర్ల ఆటకు సరిగ్గా యాభై డాలర్ల కోడ్ పంపితే మూడు నాలుగు డాలర్లు తక్కువ పడి ఆట రాకపోవచ్చు. ఇవ్వాలనుకున్న మొత్తానికి ఇంకో పది డాలర్లు కలపడం మంచిది.

## టీవీ తెర మీద ఏం జరుగుతుంది

మిషన్ ఆన్ చేయగానే, ఇంట్లో ఒకరికంటే ఎక్కువమంది వాడుతుంటే, ఎవరు ఆడుతున్నారని అడుగుతూ పేర్లు చూపిస్తుంది. నిజానికి డబ్బు ఎటు పోతుందన్నది ఈ పేరు దగ్గరే తేలిపోతుంది. ఏ పేరు మీద లోపలికి వెళ్లారో ఆ అకౌంట్‌లోనే కోడ్ జమ అవుతుంది. అన్నయ్య పేరు మీద లోపలికి వెళ్లి తమ్ముడి కోడ్ కొడితే డబ్బు అన్నయ్యదవుతుంది, వెనక్కి తీసే దారి ఉండదు.

పిల్లల అకౌంట్ విషయం ఇంకొంచెం వేరు. పిల్లల అకౌంట్ అని నమోదు చేసినదానికి సొంత వాలెట్ ఉండదు. అమ్మో నాన్నో Family Manager అనే హోదాలో ఉంటారు. పిల్లలు ఏం కొన్నా ఆ పెద్దవాళ్ల వాలెట్‌లోంచే పోతుంది, నెలకు ఎంత దాటకూడదో కూడా వాళ్లే పెడతారు. కాబట్టి వాలెట్ కోడ్‌ను నాన్న పేరు మీద ఎక్కించి, ఆ నెల పరిమితిని కోడ్ మొత్తానికి తగ్గట్టు పెంచాలి. ఇది చేయకపోతే డబ్బు పడినా పిల్లాడు కొనలేడు.

పేరు ఎంచుకున్నాక, మీది ప్లేస్టేషన్‌లో ఐదో తరమైన PS5 అయితే ఆటల బొమ్మల వరుసలో ఎడమ చివర PlayStation Store ఉంటుంది. దాన్ని తెరిస్తే కుడివైపు పైన మూడు చుక్కలు కనిపిస్తాయి. అక్కడ నొక్కితే Redeem Code అని వస్తుంది. కోడ్ కొట్టాల్సిన గడి అదే. మధ్యలోని గీతలు కొట్టక్కర్లేదు. కంట్రోలర్‌తో తెర మీది అక్షరాలను ఒక్కొక్కటిగా వెతికి నొక్కాలి కాబట్టి పన్నెండు అక్షరాలకు రెండు మూడు నిమిషాలు పడుతుంది, అందులో తప్పేం లేదు. సరిగ్గా కొడితే ఎంత జమ అయిందో తెర మీద చూపిస్తుంది.

తప్పులు చాలావరకు చదవడంలో జరుగుతాయి. B, 8 ఒకటిలా కనిపిస్తాయి. S, 5 కూడా అంతే. ఫోన్‌లో విన్నప్పుడు B, D, P, T అన్నీ ఒకేలా వినిపిస్తాయి. మా ఇంట్లో వీడియో కాల్‌లో పెద్దమ్మ "బి, బాల్ బి" అని చదివింది, అవతల పిల్లాడు ప్రతి నాలుగు అక్షరాలకూ ఆగి తిరిగి చదివి వినిపించాడు. మంచి పద్ధతే. అంతకంటే తేలికైనది ఏమిటంటే, కోడ్‌ను మెసేజ్‌గా అమ్మానాన్నల ఫోన్‌కు పంపడం. వాళ్లు ఫోన్ బ్రౌజర్‌లో store.playstation.com తెరిచి, తమ అకౌంట్‌తో లోపలికి వెళ్లి, కోడ్‌ను కాపీ చేసి అతికించవచ్చు. డబ్బు అదే అకౌంట్‌లోకి వెళ్తుంది, టీవీ ఆన్ చేయాల్సిన పని కూడా లేదు.

దుకాణంలో అట్ట కార్డు కొన్నవాళ్లు గీకేటప్పుడు నెమ్మదిగా గీకాలి. గట్టిగా గీకితే పూతతో పాటు కింది అక్షరమూ లేచిపోతుంది. ఒక్క అక్షరం పోయినా బిల్లు పట్టుకుని అమ్మినవాళ్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

## "చెల్లదు" అని వచ్చినప్పుడు దాని అర్థం

కోడ్ ఎక్కకపోతే తెర మీద వచ్చే మాట చాలాసార్లు అస్పష్టంగా ఉంటుంది. కోడ్ సరైనది కాకపోవచ్చు లేదా ఇప్పుడు చెల్లకపోవచ్చు అన్న ధోరణిలో ఏదో వస్తుంది. కారణం మాత్రం చాలావరకు నాలుగింటిలో ఒకటై ఉంటుంది. అక్షరం తప్పు పడి ఉండొచ్చు, దేశం కలవకపోయి ఉండొచ్చు, ఆ కోడ్ అప్పటికే వాడేసి ఉండొచ్చు, లేదా కౌంటర్‌లో అట్ట కార్డును స్కాన్ చేసి యాక్టివేట్ చేయడం మరచిపోయి ఉండొచ్చు.

వీటిని విడదీసి చూడటం కష్టం కాదు. మొదట కోడ్‌ను ఇంకొకరి చేత చదివించి కొట్టించండి. అప్పటికీ ఎక్కకపోతే స్టోర్‌లో ధరలు రూపాయల్లో ఉన్నాయో డాలర్లలో ఉన్నాయో చూడండి. అదీ సరిపోతే సెట్టింగ్స్‌లో Transaction History తెరిచి చూడండి. మొదటిసారి కొట్టినప్పుడే డబ్బు పడిపోయి, అది గమనించక రెండోసారి కొట్టి కంగారుపడటం జరుగుతుంటుంది. అక్కడా లేకపోతే ఇక బిల్లుతో అమ్మినవాళ్ల దగ్గరికి వెళ్లడమే. అందుకే కొన్ననాటి ఈమెయిల్, ఆర్డర్ నంబర్, అట్ట కార్డు, ఏదీ డబ్బు పడిందాకా పారేయకూడదు.

దేశం కలవక ఎక్కని కోడ్ పాడైపోదు. దాన్ని ఎవరూ వాడుకోలేదు కాబట్టి దాని విలువ అలాగే ఉంటుంది. పెద్దమ్మకు నేను ముందుగా చెప్పింది ఇదే.

## కోడ్ మంచిదా, బ్యాంకు కార్డు మంచిదా, డిస్క్ మంచిదా

దీని మీద మా కుటుంబంలోనే మూడు అభిప్రాయాలున్నాయి, మూడింటికీ బలముంది.

పిల్లాడి నాన్న బ్యాంకు కార్డు వైపు. కార్డు వివరాలు స్టోర్‌లో ఇస్తే ఎంత ధరో అంతే కడతాం, అక్షరాలు కొట్టే పని లేదు, వాలెట్‌లో చిల్లర మిగిలిపోదు. మా అక్క కోడ్ వైపు. కార్డు ఆ మిషన్‌లో ఉంటే ఆటలో నాణేలు కొంటూ కొంటూ నెలాఖరుకు ఎంత బిల్లు వస్తుందో తెలియదని ఆవిడ భయం. కోడ్‌కైతే హద్దు ఉంటుంది, నాలుగు వేలు అయిపోతే అంతటితో ఆట కొనడం ఆగుతుంది. డిస్క్ కొందామనేవాళ్లు చెప్పేదీ సబబే. ఆడేశాక అమ్ముకోవచ్చు, స్నేహితుడికి ఇవ్వొచ్చు, దేశాల గొడవ కూడా చాలా తక్కువ. డిజిటల్ ఎడిషన్ అనే రకం PS5లో మాత్రం డిస్క్ పెట్టే చోటే ఉండదు. అందులో తర్వాత వచ్చిన రకాలకైతే వేరే డ్రైవ్ కొని తగిలించవచ్చు, మొదట్లో వచ్చినదానికి అదీ కుదరదు. కొనేముందు ఇంట్లో ఉన్నది ఏ రకమో అడగాలి.

దూరాన ఉన్న అమ్మమ్మ, తాతయ్య పంపే కానుకకు కోడే సరిపోతుందని నాకనిపిస్తుంది. నిమిషంలో చేరుతుంది, మొత్తం ముందే తెలుసు, ఎవరి బ్యాంకు వివరాలూ ఎక్కడా ఉండవు. తక్కువ ధరకు కోడ్‌లు ఇస్తామనే ఊరూ పేరూ లేని సైట్ల జోలికి మాత్రం పోకూడదు. ఆ కోడ్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. దొంగిలించిన కార్డుతో కొన్నదైతే తర్వాత రద్దయ్యే ప్రమాదం ఉంటుంది.

కోడ్‌కున్న ఈ సౌకర్యమే మోసగాళ్లకూ నచ్చుతుంది. బాస్ పేరుతోనో, కస్టమ్స్ అధికారి పేరుతోనో ఫోన్ చేసి, గిఫ్ట్ కార్డులు కొని కోడ్ చదవమనేవాళ్లున్నారు. ఏ ప్రభుత్వ కార్యాలయమూ, ఏ బ్యాంకూ గేమ్ కోడ్ రూపంలో డబ్బు తీసుకోదు. ఎవరికైనా పొరపాటున చెప్పేసి ఉంటే వెంటనే 1930కు ఫోన్ చేయాలి, cybercrime.gov.in లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అమ్మిన దుకాణానికీ ఆ క్షణమే చెప్పాలి. అవతలివాళ్లు ఇంకా కొట్టకపోతే ఆపే అవకాశం కొంతైనా ఉంటుంది.

## తెనాలి నాలుగు వేలు ఎలా చేరాయి

మా వాళ్ల ఇంట్లో పిల్లాడిది పిల్లల అకౌంట్, నాన్నది పెద్ద అకౌంట్, రెండూ అమెరికాలో ఉన్నప్పుడు తెరిచినవే. స్టోర్‌లో ధర చదవమంటే డాలర్లలో చదివాడు. అక్కడితో విషయం తేలిపోయింది.

దుకాణం వాళ్లు కోడ్ చూపించాక డబ్బు వాపసు ఇవ్వరు, అది వాళ్ల నిబంధనల్లోనే ఉంది. అయితే వాళ్లు ఇప్పుడు ఉంటున్నది హైదరాబాద్‌లోనే కాబట్టి, నాన్న వేరే ఈమెయిల్‌తో ఇండియా అకౌంట్ ఒకటి కొత్తగా తెరిచి అదే మిషన్‌లో పెట్టాడు. పెద్దమ్మ కోడ్ అందులో మొదటిసారే ఎక్కింది. వాలెట్‌లో నాలుగు వేలు పడ్డాయి. పిల్లాడు కోరిన ఆట 3,499 రూపాయలు.

మరి ఆట నాన్న కొత్త అకౌంట్‌లో ఉంటే పిల్లాడు ఎలా ఆడతాడు? PS5లో Console Sharing and Offline Play అని ఒక సెట్టింగ్ ఉంది. ఒక అకౌంట్‌కు దాన్ని ఆన్ చేస్తే, ఆ అకౌంట్ కొన్న ఆటలను అదే మిషన్‌లో ఉన్న మిగతా పేర్ల వాళ్లూ ఆడుకోవచ్చు. నాన్న కొత్త అకౌంట్‌లో అది ఆన్ చేశాడు, పిల్లాడు ఎప్పటిలాగే తన పేరుతో వెళ్లి ఆట మొదలుపెట్టాడు. ఈ ఏర్పాటుకు ఒక పరిమితి ఉంది. ఆ ఆటకు తర్వాత ఏదైనా అదనపు భాగం కొనాలంటే అదీ ఇండియా స్టోర్‌లోనే కొనాలి. ఒక దేశంలో కొన్న ఆటకు ఇంకో దేశంలో కొన్న అదనపు భాగం సాధారణంగా అతకదు.

ఆ రాత్రి పిల్లాడు వీడియో కాల్‌లో ఫోన్‌ను టీవీ వైపు తిప్పి ఆట చూపించాడు. పెద్దమ్మ కాసేపు చూసి, "ఇంకా ఐదు వందలు మిగలాలిగా, అవెక్కడ?" అని అడిగింది. 501 రూపాయలు కొత్త అకౌంట్ వాలెట్‌లో ఉన్నాయి. తర్వాత ఆవిడ పంపబోయే కోడ్‌తో కలిపి వాడుకోవచ్చు.